మీ వీధిని గుర్తుపట్టండి

కర్నూలులో ఒక ట్రస్టు నడిపే గ్రంథాలయంలో నేను కొన్నేళ్లుగా పని చేస్తున్నాను. కింద చదువుకునే గదులు, మీద చిన్న మ్యూజియం. నా ఉద్యోగానికి సరైన పేరంటూ లేదు. కొత్త పుస్తకాలకు నంబర్లు వేస్తాను. అద్దాల బీరువాల్లో వస్తువుల పక్కన పెట్టే చీటీలు రాస్తాను. స్కూలు పిల్లలు వస్తే వెంట తిరిగి చూపిస్తాను. ఫేస్‌బుక్కులో, వాట్సాప్‌లో మా తరఫున ఏ కబురు పోవాలన్నా నేనే రాయాలి. మాది కమలాపురం దగ్గర పల్లె. తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగి కర్నూలు మునిగినప్పుడు నేను కడపలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. ఆ వరద గురించి నాకు తెలిసిందల్లా టీవీలో చూసిందే.

మా ఇన్‌చార్జి సార్ రిటైరైన హెడ్మాస్టరు. ఊరి పాత ఫొటోలతో ఒక ప్రదర్శన పెట్టాలని ఆయనకు చాలాకాలంగా కోరిక. ఫొటో స్టూడియోల వాళ్లు, పాత కుటుంబాల వాళ్లు అరువిచ్చారు. మొదటి గదిలో బురుజు, పాత బస్టాండు, మార్కెట్టు. రెండో గదిలో పెళ్లిళ్లు, స్కూలు గ్రూపు ఫొటోలు, సినిమా హాళ్ల ముందు జనం. మూడో గదిలో వరద. వరద లేకుండా ఈ ఊరి ఫొటోలు పెడితే అది అబద్ధమవుతుందని సార్ అన్నారు. అందులో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. శవాలు కనపడే ఫొటోలు మాత్రం వద్దని ముందే పక్కన పెట్టేశాం.

ప్రారంభానికి రెండు వారాల ముందు పోస్టరు తయారైంది. దాని కింద పెట్టే రాత నా పని. ఇట్లాంటి రాతలో అందం కన్నా ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. తేదీతోపాటు వారం కూడా రాయాలి, లేకపోతే సెలవు రోజున పిల్లలను వెంటేసుకుని వచ్చి గేటు దగ్గర నిలబడతారు. మూసేసే వేళ ఒకటి, టికెట్లు ఆపేసే వేళ ఒకటి, రెండూ చెప్పాలి. పెద్దలకు టికెట్టు ఎంత, చదువుకునేవాళ్లకు ఐడీ కార్డు చూపిస్తే ఎంత, ఏ వయసు లోపు పిల్లలకు ఉచితం, స్కూళ్ల వాళ్లు ముందుగా ఫోను చేయాలా వద్దా అన్నీ ఉండాలి. సంచులు కౌంటర్లో పెట్టాలి. లోపల ఫొటోలు తీయకూడదు, ఎందుకంటే ఆ ఫొటోలు మావి కావు, అరువిచ్చిన వాళ్లవి. ఒక టికెట్టు మీద ఒక్కసారే లోపలికి. ఇవన్నీ అయ్యాక, కుటుంబంతో వస్తే ఏముంటుందో చెప్పాలి. చదివినవాడు ఇంట్లో లేచి చెప్పులేసుకోవాలంటే అదే ముఖ్యం.

ఆ చివరి దానికోసం నేనొక పని ఆలోచించాను. ప్రతి ఫొటో పక్కనా ఖాళీ జాగా వదిలి, గది మధ్యలో బల్ల మీద రంగు చీటీలూ పెన్సిళ్లూ పెడతాం. వచ్చినవాళ్లు తమ ఇల్లో, అంగడో, తెలిసిన మనిషో కనిపిస్తే చీటీ మీద రాసి అక్కడ అతికించొచ్చు. ముసలివాళ్లు చెబుతుంటే పిల్లలు రాస్తారు. నేను ఇట్లా రాశాను: "మీ వీధిని గుర్తుపట్టండి. అవ్వనూ తాతనూ తప్పకుండా తీసుకురండి. వాళ్లు చూపిస్తారు, మీరు రాయండి. మన ఊరి గోడ మీద మీ ఇంటి మాట కూడా ఉంటుంది." సార్‌కు బాగా నచ్చింది. గట్టిగా చదివించుకుని విన్నారు.

దానికి పైన నేను ఇంకో మాట పెట్టాను. మూడో గదిలో వరద నాటి ఫొటోలు ఉన్నాయి, ఆ రోజుల్లో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఆలోచించుకుని లోపలికి వెళ్లండి అని. సార్ అది తీసేయమనలేదు. ఫోనులో మొదటి రెండు మూడు వరుసలే కనిపిస్తాయనీ, మిగతాది వేలితో నొక్కి తెరిస్తేగానీ రాదనీ, ఆ పైవరుసల్లో ఈ మాట ఉంటే జనం రారనీ అన్నారు. నాకూ నిజమే అనిపించింది. ఆ వాక్యాన్ని టికెట్టు నియమాల కిందికి దించాను. పోస్టు పెట్టాం. బాగా తిరిగింది. తిరిగేటప్పుడు జనం దాన్ని కత్తిరించుకున్నారు కూడా. ఎవరో పోస్టరు బొమ్మకు పైన నాలుగు వరుసలే తగిలించి వాట్సాప్ గ్రూపుల్లో పంపారు. అందులో తేదీ ఉంది, వేళ ఉంది, మీ వీధిని గుర్తుపట్టండి అని ఉంది. కిందిది లేదు.

ప్రారంభం రోజు శనివారం. ట్రస్టు పెద్దలు రిబ్బను కత్తిరించి, టీ తాగి వెళ్లిపోయారు. ఆ తర్వాత అసలు జనం వచ్చారు. మొదటి గదిలో నవ్వులే నవ్వులు. ఈడ మా జేజినాయన సైకిల్ షాపు ఉన్నింది అని ఒకరు, కాదు అది దాని పక్క సందు అని ఇంకొకరు. మధ్యాహ్నానికి గోడల మీద చీటీలు రెక్కల్లా నిలబడ్డాయి. మూడో గదిలో మాత్రం గొంతులు తగ్గేవి. అక్కడ చీటీలు ఎక్కువ లేవు. ఉన్నవాటిలోనూ వీధుల పేర్లు, ఇంటి నంబర్లు మాత్రమే.

సాయంత్రం, టికెట్లు ఆపేసే వేళకు కాస్త ముందు, ఒకామె కూతురుతో, కూతురి బిడ్డతో వచ్చింది. అరవై దాటి ఉంటాయి. జరీ అంచు నేత చీర, ముక్కుకు రెండు వైపులా పుడకలు. కోమట్ల ఇంటి మనిషని చూడగానే తెలుస్తుంది. ఒకప్పుడు వన్‌టౌన్ మార్కెట్లో వాళ్లకు బియ్యం, పప్పుల అంగడి ఉండేదని, వరద తర్వాత నంద్యాల రోడ్డు వైపు మారిపోయారని కూతురు కౌంటర్లో చెప్పింది. అంగడి ఉన్న వీధి ఫొటో ఉందేమో చూద్దామని తల్లిని బలవంతం మీద తీసుకొచ్చిందట. ఫోనులో తనకొచ్చిన పోస్టు చూపించింది. ఆ కత్తిరించిన పోస్టే.

నేను మూడో గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆ పెద్దామె ఒక్కొక్క ఫొటో ముందూ ఆగి, కళ్లజోడు సర్దుకుని చూస్తోంది. ఒక దగ్గర మనవరాలు చీటీ పట్టుకుని, ఏం రాయాలి అవ్వా అని అడిగింది. ఆమె చూపు ఫొటో మీదే ఉంది. అమ్మాయి మళ్లీ అడిగింది. అప్పుడు నేను అటు చూశాను.

ఆ ఫొటో నాకు బాగా తెలుసు. గోడకు తగిలించింది నేనే. ఎత్తు నుంచి తీసింది. ఎర్రటి నీళ్లు, నీళ్లలోంచి సగానికి పైకి తేలిన షట్టర్లు, వంగిన కరెంటు స్తంభం. ఎదురుగా ఒక పాత మట్టి మిద్దె. మిద్దె మీద కొందరు ఆడవాళ్లు, ఒక ముసలాయన, చివరన పిట్టగోడ మీద చెయ్యి పెట్టి నిలబడిన పిల్లవాడు. పదిహేడేళ్లుంటాయేమో. చారల చొక్కా, తల మీద వానకు మడిచి కప్పుకున్న గోనె సంచి. అందరూ ఫొటో తీస్తున్నవాడి వైపు చూస్తుంటే వాడొక్కడే పక్కకు, వీధి చివరకు చూస్తున్నాడు. దాని కింద చీటీ నేనే రాశాను: "వరద మరుసటి రోజు, మధ్యాహ్నం. మార్కెట్ వీధి."

ఆమె నన్ను పిలిచింది. గొంతులో ఏ తేడా లేదు.

"పాపా, మరుసటి రోజు అని ఎట్ల తెల్సు మీకు?"

ఫొటో తీసిన ఆయన చెప్పారని అన్నాను. పైగా నీళ్లు షట్టర్ల సగానికి దిగిపోయి ఉన్నాయి, మొదటి రాత్రి అయితే షట్టర్లే కనపడవు అని కూడా అన్నాను. అట్లా వివరంగా చెప్పడం నాకు అలవాటు.

"పగలు కదా ఇది. ఎండ కూడా పడుతుండాది" అంది ఆమె.

అప్పటికి కూతురు వచ్చి ఫొటో చూసింది. చూసి వెంటనే బిడ్డను ఎత్తుకుని బయటికి నడిచింది. తల్లి మాత్రం కదల్లేదు. మనవరాలు కింద పడేసిన చీటీని వంగి తీసుకుని, పెన్సిలుతో రాసి, పిట్టగోడ దగ్గర నిలబడిన పిల్లవాడి పక్కన అతికించింది. పేరు రాయలేదు. "మావాడు" అని రాసింది.

ఏం జరిగిందో ఆ సాయంత్రం ఆఫీసు గదిలో కూతురు చెప్పింది. తల్లి పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. వరద వస్తుందన్న రోజు సాయంత్రం తండ్రి ఆటోలో భార్యనూ కూతురునూ ఎత్తు మీదున్న బి క్యాంపులో చుట్టాల ఇంటికి చేర్చాడు. కొడుకును అంగడిలో ఉంచాడు, కింద ఉన్న మూటలు అరల మీదికి ఎక్కించమని. తిరిగి వచ్చేసరికి దారి మునిగిపోయింది. తెల్లవార్లూ అటూ ఇటూ తిరిగాడు. నీళ్లు పోయాక చూస్తే అంగడి వెనక గోడ కూలి ఉంది. పిల్లవాడు ఇంకా కొన్ని రోజుల తర్వాత ఏటి ఒడ్డున దొరికాడు. గోడ రాత్రే పడిందని, పడినప్పుడే అయిపోయిందని, నొప్పి తెలిసి ఉండదని అందరూ అన్నారు. తండ్రీ అదే చెప్పాడు. ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ఆ మాటే చెప్పుకుంటున్నారు. ఆల్బములు కూడా నీళ్లలో పోయాయి కాబట్టి వాడి ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు. కాలేజీ ఐడీ కార్డులోది పెద్దది చేయించి పెట్టుకున్నారు, అది మసక.

కూతురు ఇదంతా చెబుతుంటే తల్లి ఒక్కసారే మాట్లాడింది.

"రాత్రే అయిపోయిందన్న్యారు. మళ్లా దినం ఎండలో నిలబడుకోని ఉండాడు బిడ్డ."

మరునాడు ఆదివారం ఆమె ఒక్కతే వచ్చింది. ఫొటో ముందు నిలబడింది. దాహమై కిందికి దిగి, నీళ్లు తాగి మళ్లీ వస్తే కౌంటర్లో కుర్రవాడు ఆపాడు. ఒక టికెట్టు మీద ఒక్కసారే అని నేను రాసిన నియమమే. ఆమె ఏమీ అనకుండా ఇంకో టికెట్టు తీసుకుంది. తర్వాత ఇంకోటి. నాకు ఆ సంగతి సాయంత్రం తెలిసింది. సార్‌కు చెప్పాను. ఆమెను టికెట్టు లేకుండా పంపమంటే ఆయన, ఒకరికి ఒక రకంగా చేస్తే ఆమె ఎవరో అందరికీ తెలిసిపోతుందన్నారు. నియమమే మారుద్దాం అన్నారు. మా దగ్గర పుస్తకాల మీద వేసే చిన్న రబ్బరు స్టాంపు ఒకటి ఉంది. సోమవారం మాకు సెలవు, మంగళవారం నుంచి టికెట్టు తీసుకున్నవాళ్ల మణికట్టు మీద అది వేస్తే, ఆ రోజంతా ఎన్నిసార్లయినా లోపలికి రావచ్చు. పోస్టు కింద రాతను నేను ఆ రాత్రే దిద్దాను. అట్లా దిద్దినప్పుడు వరద గది మాటను కూడా పైకి, తేదీల పక్కకు తెచ్చాను. ఈసారి సార్ ఏమీ అనలేదు. కానీ పాతదే గ్రూపుల్లో తిరుగుతూ ఉంది. ఒకసారి బయటికి పోయిన రాతను వెనక్కి తెచ్చుకోలేము.

ఆమె రోజూ వచ్చేది. పొద్దున స్టాంపు వేయించుకుని, మధ్యాహ్నం ఇంటికి పోయి, మళ్లీ వచ్చి చెయ్యి చూపించి పైకెక్కేది. నేను ఒక కుర్చీ తెచ్చి వేశాను. కూర్చోలేదు. నిలబడే చూసేది. వేరే వాళ్లు వచ్చి ఫొటో చూడబోతే పక్కకు జరిగేది, వాళ్లు పోయాక మళ్లీ ముందుకు వచ్చేది. "మావాడు" అన్న చీటీ చదివి కొందరు ఆమె వంక చూసేవాళ్లు. ఎవరూ ఏమీ అడగలేదు. ఈ ఊళ్లో ఆ గదిలోకి వచ్చి అడగాల్సిన అవసరం ఉన్నవాళ్లు తక్కువ.

వారం మధ్యలో ఆమె భర్త వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, జేబులో కళ్లజోడు పెట్టె. సన్నటి మనిషి. టికెట్టు తీసుకోకుండా నేరుగా ఆఫీసు గదిలోకి వచ్చి, సార్ కూర్చోమన్నా కూర్చోకుండా, ఆ ఫొటో తీసేయండి అన్నాడు. గొంతు పెంచలేదు. తన భార్య తిండి మానేసిందని, ఇంట్లో పొద్దుగూకులూ అదే మాటగా ఉందని, చచ్చిపోయిన పిల్లవాణ్ణి గోడకు తగిలించి టికెట్లు అమ్ముకుంటున్నారని అన్నాడు. చివరి మాటకు సార్ ముఖం ఎర్రబడింది.

అప్పుడే ఆమె మూడో గదిలోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. భర్త గొంతు విన్నట్టుంది.

"తీయొద్దండి సార్. ఆయప్ప చూడకుంటే మానె. నేను చూసుకుంటా."

ఆయన ఆమె వైపు తిరగలేదు. సార్ వైపే చూస్తూ, "వానిది ఇంగ ఏం చూస్తాది సార్ ఆమె" అన్నాడు.

ఇద్దరిలో ఎవరి మాట వినాలో సార్‌కు తోచలేదు. నాకూ తోచలేదు. అరువిచ్చినవాళ్లు తమ ఫొటో వెనక్కి అడిగితే ఏం చేయాలో మాకు తెలుసు. ఫొటోలో ఉన్నవాడి తండ్రి ఒకటి, తల్లి ఒకటి అడిగితే ఏం చేయాలో మేము ఎక్కడా రాసుకోలేదు. చివరికి సార్, ఫొటో ప్రదర్శన అయ్యేదాకా ఉంటుందనీ, ఎవరినీ ఆ గదిలోకి రమ్మని బలవంతం చేయబోమనీ చెప్పారు. ఆయన పంచె అంచు ఎగదోసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. మూడో గది వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆమె నన్ను ఒక సాయం అడిగింది. ఫొటో తీసినాయన్ను పిలిపించమంది. వాడు ఆ రోజు ఎట్లా ఉన్నాడో చూసినవాడు ఆయనొక్కడే కదా అంది.

ఆయన వన్‌టౌన్లో స్టూడియో నడిపి, కళ్లు తగ్గి మానేసిన ముస్లిం పెద్దాయన. మా ప్రదర్శనలో వరద ఫొటోలు సగం ఆయనవే. ఫోను చేసి విషయం చెప్పాను. మరునాడు పొద్దున వచ్చాడు. ఆమె ఎదురుగా కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నెమ్మదిగా చెప్పాడు. ఆ రోజు ఆయన ఎదురుగా ఉన్న లాడ్జీ మిద్దె మీదికి ఎక్కాడు, కెమెరా సంచి మెడకు వేసుకుని. పిల్లవాడు రాత్రి ఎట్లాగో అంగడి వెనక నుంచి ఆ పాత మిద్దె మీదికి చేరినట్టున్నాడు. తెల్లవారేసరికి అక్కడ ఉన్నాడు. ఆ ఇంటి ఆడవాళ్లు వాడికి రొట్టె ముక్క పెట్టారు, తినడం చూశాడు. మధ్యాహ్నం జాలర్లు పుట్టి వేసుకుని వచ్చారు. వెదురుతో అల్లిన గుండ్రటి పుట్టి, ఒక్కసారికి కొందరే పడతారు. ముందు ఆడవాళ్లనూ ముసలాయన్నూ ఎక్కించుకుపోయారు. తర్వాతి విడతలో లాడ్జీ మీద ఉన్న ఫొటోగ్రాఫరును తీసుకుపోయారు. సాయంత్రం ఆ పాత మిద్దె కూలిందని ఆయనకు తర్వాత తెలిసింది. నీళ్లు దిగేటప్పుడే మట్టి గోడలు నిలవవు, నానిన గోడ నీటి ఆసరా పోగానే కూర్చుంటుంది. పిల్లవాణ్ణి అంతలోపే ఎవరో తీసుకుపోయి ఉంటారని అనుకున్నానన్నాడు. అనుకోవడమే సులువుగా ఉండింది, అందుకే ఎవరినీ అడగలేదన్నాడు.

ఆమె అంతా విని, "ఏమన్నా తిన్న్యాడా, అది చెప్పినారు, శానా మంచిది" అని దండం పెట్టి లేచింది.

ఆయన్ను కింద గేటు దాకా నేను పట్టుకుని దింపాను. మెట్ల మలుపులో ఆగిపోయాడు. ఆమెకు చెప్పనిది ఒకటుందన్నాడు. జాలర్లు మొదటి విడతలోనే పిల్లవాణ్ణి కూడా ఎక్కమన్నారట. ఒక్కడే కదా, సర్దుకుంటాం రా అని అరిచారట. ఈయన కూడా ఇవతల నుంచి, పో బేటా, పో అని అరిచాడట.

"మా నాయన వస్తానన్న్యాడు, ఈన్నే ఉండమన్న్యాడు అన్న్యాడమ్మా. నేను పోతే వెతుక్కుంటాడు అన్న్యాడు. రెండోసారి వచ్చినప్పుడూ అదే మాట."

ఈ మాట తల్లికి ఎట్లా చెప్పేదని అడిగాడు. ఆటో ఎక్కించి వచ్చాను.

ఆ తర్వాత కొన్ని రోజులు వీలైనంత వరకు ఆ గదిలోకి పోకుండా ఏదో ఒక పని పెట్టుకున్నాను. ఆమె మామూలుగానే వచ్చేది. ఎప్పుడైనా నా చెయ్యి పట్టుకుని, చూడు పాపా, చారల చొక్కా దీపావళికని తీసింది, పండగ రాకముందే వేసుకున్నాడు అనో, గోనె అట్లా మడిచి కప్పుకునేది వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నాడు అనో చెప్పేది. ఆఖరి ఆదివారం ఫొటోగ్రాఫరు ఒప్పుకుని పంపిన పెద్ద ప్రింటు ఆమె చేతిలో పెట్టాం. కాగితం చుట్టి చంకలో పెట్టుకుని, సార్‌కు దండం పెట్టి వెళ్లిపోయింది. గోడ మీద చీటీలన్నీ ఊడదీసి అట్టపెట్టెలో వేసేటప్పుడు "మావాడు" చీటీని మాత్రం నేను తీయలేదు. సార్ తీశారు.

ప్రదర్శన తర్వాత కడపకు పోయింది. అక్కడ ఒక హాలు అద్దెకు తీసుకున్నాం. వారం రోజులే. రాత కొత్తగా రాశాను. మీ వీధిని గుర్తుపట్టండి అన్నది కడపలో ఎట్లాగూ కుదరదు. అక్కడ జనం పలచగా వచ్చారు. వరద గది ముందు పెట్టిన పలక చదివి, పిల్లలను బయట ఉంచి లోపలికి పోయేవాళ్లు. నాకది హాయిగా ఉండింది. అక్కడ ఎవరూ ఆ ఫొటోల్లో తమవాళ్లను వెతుక్కోవడం లేదు.

మూడో రోజో నాలుగో రోజో, మధ్యాహ్నం ఎండ వేళ, ఆయన వచ్చాడు. ఆమె భర్త. కర్నూలు నుంచి బస్సులో వచ్చినట్టు పంచె నలిగి ఉంది. క్యూలో ఎవరూ లేకపోయినా కౌంటర్ ముందు వంతు కోసం నిలబడ్డట్టు నిలబడి, టికెట్టు తీసుకుని, చెయ్యి చాపి స్టాంపు వేయించుకున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టినట్టు తల ఊపాడు. నేరుగా వరద గదిలోకి పోయాడు. కర్నూలులో ఎందుకు చూడలేదో నేను అడగలేదు. అక్కడ చూస్తే ఎవరో ఒకరు ఆయన్ను చూసి ఉండేవాళ్లు.

చాలాసేపటికి బయటికి వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డాడు. మంచినీళ్లు ఇచ్చాను. తాగలేదు, గ్లాసు పట్టుకుని ఉన్నాడు.

"వాడు యా పక్క చూస్తాండాడో తెల్సా మీకు" అన్నాడు.

తెలియదన్నాను.

"మేము ఆటోలో పోయిన పక్క."

ఫొటో తీసినాయన తన భార్యతో చెప్పిందంతా తనకు తెలుసని, అయితే అంత పొద్దు పుట్టి తిరుగుతుంటే వీడు ఎందుకు ఎక్కలేదో తనకు అర్థం కావడం లేదని అన్నాడు. ఈత రాదని భయపడ్డాడా అని అడిగాడు. ఏమన్నా అన్నాడేమో, ఆయనకేమన్నా వినపడిందేమో, మీకు తెలిస్తే చెప్పమన్నాడు. నా ముఖంలో ఆయనకు ఏదో కనిపించి ఉంటుంది. లేకపోతే రెండోసారి అట్లా అడిగేవాడు కాదు.

"చెప్పండమ్మా. దానికే వచ్చినా."

చెప్పాను. ఫొటోగ్రాఫరు చెప్పిన మాటలే, ఒక్కటి కలపకుండా, ఒక్కటి తీసేయకుండా చెప్పాను. చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడలేదు.

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అవును, చెప్పినా. యాడికీ పోవద్దురా, నేనొచ్చి పిల్చుకపోయేదంకా ఈన్నుండి కదలొద్దు అని చెప్పినా. మూటలు ఒదిలేసి పోతాడేమో అని చెప్పినా."

అట్లానే నిలబడి ఉన్నాడు. తర్వాత, వాడు నా మాట ఎప్పుడూ వినేటోడు కాదు అన్నాడు. కాలేజీకి పోతానని సినిమాకు పోయేవాడట, అంగట్లో కూర్చోమంటే పక్కవాళ్ల క్యారం బోర్డు దగ్గర తేలేవాడట. ఇవన్నీ మామూలు గొంతుతో, కొత్తవాళ్లకు పిల్లల గురించి చెప్పేటట్టు చెప్పాడు. మధ్యలో ఆపి, పక్కనున్న కుర్చీ వీపు పట్టుకున్నాడు. నేను ఏమన్నా అనాలేమో అనుకున్నాను. వరద రోజు ఎవరికి ఏం తెలుస్తుంది, మీరు మంచికే చెప్పారు అని. ఆ మాటలు ఆయన ఇంతకుముందు ఎందరి నోటో విని ఉంటాడు.

భార్యకు తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను. మేము చెప్పలేదు, చెప్పబోము అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. అది వద్దని ఊపాడో, వేరే ఏదో అనుకుంటూ ఊపాడో నాకు అర్థం కాలేదు. మణికట్టు మీద స్టాంపు గుర్తును బొటనవేలితో రుద్దుకుంటూ ఎండలోకి దిగి బస్టాండు వైపు నడిచాడు. ఆటో పిలవమంటారా అంటే వినిపించుకోలేదు.

చాలా నెలల తర్వాత వాళ్ల కూతురు పోటీ పరీక్ష పుస్తకాల కోసం మా గ్రంథాలయానికి వచ్చింది. ఇంట్లో ఎట్లున్నారని అడిగాను. కడప నుంచి వచ్చిన రాత్రే నాయన అమ్మకు మొత్తం చెప్పేశాడంది. అమ్మ వింటూ అన్నం వడ్డించిందట. ఏడవలేదు, తిట్టలేదు. ఆ మరునాడు హాల్లో తగిలించిన ఆ మిద్దె మీది పెద్ద ఫొటోను తీసి తన గదిలోకి మార్చుకుంది. ఇప్పటికీ మూడు పూటలా వండి పెడుతుందంట. ఆయన తినేటప్పుడు మాత్రం ఎదురుగా ఉండదంట. ఆయన కూడా ఏమీ అడగడంట. తిని, చెయ్యి కడుక్కుని, అంగడికి పోతాడంట.

కూతురు అడిగిన పుస్తకాలు రెండు దొరికాయి. మూడోది వేరే ఎవరో తీసుకుపోయి ఉన్నారు. వస్తే ఫోను చేస్తానని చెప్పి, నంబరు రాసుకున్నాను.